ఒత్తిడి, నిద్ర, ఆసరా: సర్వే లెక్కల్లో మీడియేషన్, మోడరేషన్

సైకాలజీలో పీజీ చేస్తున్న ఒక విద్యార్థిని తన డిసర్టేషన్ కోసం 300 మంది డిగ్రీ విద్యార్థుల చేత ప్రశ్నపత్రాలు నింపించింది అనుకుందాం. ఆమె కొలిచినవి నాలుగు సంగతులు. మొదటిది ఒత్తిడి. దీనికి పీఎస్ఎస్-10 అనే కొలమానం వాడింది, స్కోరు 0 నుంచి 40 వరకు ఉంటుంది. రెండోది నిద్ర. పిట్స్‌బర్గ్ నిద్ర నాణ్యత సూచికలో 0 నుంచి 21 వరకు మార్కులుంటాయి, ఎక్కువ వస్తే నిద్ర అంత పాడయినట్టు. మూడోది కుంగుబాటు. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టికతో దీన్ని 0 నుంచి 27 వరకు కొలిచింది. నాలుగోది ఆసరా. ఇంట్లోవాళ్లు, స్నేహితులు, దగ్గరివాళ్లు తమకు ఎంతవరకు అండగా ఉన్నారని అనుకుంటున్నారో 12 ప్రశ్నలతో అడిగి, సగటు తీసింది. అది 1 నుంచి 7 వరకు వస్తుంది.

కొలమానాలన్నీ నిజంగా వాడుకలో ఉన్నవే. ఇక్కడ చెప్పబోయే ఫలితాలు మాత్రం లెక్క కళ్లకు కట్టడం కోసం నేను వేసుకున్న అంకెలు. వాటిని ఎవరి పరిశోధన ఫలితాలుగానూ తీసుకోవద్దు.

డేటా చేతికి వచ్చాక ఆమె మొదట చూసేది ఒకటే: ఒత్తిడి ఎక్కువున్నవాళ్లలో కుంగుబాటు కూడా ఎక్కువగా ఉంది. ఇందులో కొత్త ఏమీ లేదు. గైడ్ అడిగే ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. "ఒత్తిడి కుంగుబాటు దాకా ఎలా వెళ్తోంది?" అని అడిగితే అది మీడియేషన్ ప్రశ్న. "ఎవరి మీద ఎక్కువ పనిచేస్తోంది, ఎవరి మీద తక్కువ?" అని అడిగితే అది మోడరేషన్ ప్రశ్న. చెరువు నీళ్లు పొలానికి కాలువ గుండా వెళ్తాయి, ఆ కాలువ మీడియేటర్. ఎన్ని నీళ్లు వదలాలో తూము తలుపు తేలుస్తుంది, అది మోడరేటర్. తూము నీళ్లను మోసుకుపోదు, కాలువ నీళ్లను అదుపు చేయదు.

ఈ తేడాను సామాజిక మనస్తత్వశాస్త్రంలో స్థిరపరిచింది రూబెన్ బారన్, డేవిడ్ కెన్నీ 1986లో రాసిన వ్యాసం. అంతకుముందు ఈ రెండు మాటలనూ ఒకదానికి బదులు ఒకటి వాడేవాళ్లు తక్కువేమీ కాదు. ఇప్పటికీ డిసర్టేషన్లలో ఈ గందరగోళం కనిపిస్తుంది. నిద్రకు "మీడియేటర్" అనే గుణం పుట్టుకతో ఉందని, ఆసరా ఎప్పటికీ "మోడరేటర్" అనీ అనుకోవడం దీనికి మూలం. ఆ పాత్ర చలరాశిలో ఉండదు, మన ప్రశ్నలో ఉంటుంది.

ఆసరానే చూడండి. ఆసరా ఉన్నవాళ్లను ఒత్తిడి అంతగా కుంగదీయదని షెల్డన్ కోహెన్, థామస్ విల్స్ 1985లో చర్చించిన పరికల్పన ప్రసిద్ధం. అందులో ఆసరా మోడరేటర్. కానీ ఇంకోలా ఆలోచించవచ్చు: ఒత్తిడిలో ఉన్న మనిషి చిరాకు పడతాడు, ఫోన్లు ఎత్తడు, స్నేహితులు మెల్లగా దూరమవుతారు, ఒంటరితనంతో కుంగిపోతాడు. ఈ కథలో ఒత్తిడి వల్ల ఆసరా తరిగింది, తరిగిన ఆసరా కుంగుబాటుకు దారితీసింది. ఇక్కడ అదే ఆసరా మీడియేటర్. రెండూ అర్థవంతమైన వాదనలే. ఏది పరీక్షించబోతున్నామో లెక్క మొదలుపెట్టే ముందే రాసిపెట్టుకోవాలి. ఫలితం ఏది బాగా వస్తే దాన్నే పరికల్పనగా తిప్పి రాసుకుంటే, అది పరీక్ష కాదు.

మన విద్యార్థిని రెండు పరికల్పనలు రాసుకుందని అనుకుందాం. ఒకటి, ఒత్తిడి నిద్రను పాడుచేసి, ఆ దారిన కుంగుబాటును పెంచుతుంది. రెండు, ఆసరా ఎక్కువున్నవాళ్లలో ఒత్తిడికీ కుంగుబాటుకూ ఉన్న బంధం బలహీనంగా ఉంటుంది.

మీడియేషన్ లెక్క

మీడియేషన్‌కు కావలసింది మామూలు రిగ్రెషనే, మూడుసార్లు వేయాలి. R వాడితే ఇలా ఉంటుంది:

```
m0 <- lm(dep ~ stress, data = d)
m1 <- lm(sleep ~ stress, data = d)
m2 <- lm(dep ~ stress + sleep, data = d)
```

మొదటి సమీకరణం ఒత్తిడికీ కుంగుబాటుకూ ఉన్న మొత్తం సంబంధాన్ని చెబుతుంది. ఇక్కడ గుణకం 0.30 వచ్చిందనుకుందాం. ఒత్తిడి స్కోరు 10 పెరిగితే కుంగుబాటు స్కోరు సగటున 3 పెరుగుతుందని దీని అర్థం. దీన్ని c అంటారు.

రెండో సమీకరణం ఒత్తిడి నుంచి నిద్రకు వెళ్లే దారి. గుణకం 0.20, అంటే ఒత్తిడి 10 పెరిగితే నిద్ర సూచిక 2 పెరుగుతుంది. దీన్ని a అంటారు.

మూడో సమీకరణంలో రెండు గుణకాలు వస్తాయి. ఒత్తిడి ఒకే స్థాయిలో ఉన్నవాళ్లను పోల్చితే, నిద్ర సూచిక 1 పెరిగినప్పుడు కుంగుబాటు 0.50 పెరుగుతోంది. ఇది b. నిద్రను లెక్కలోకి తీసుకున్నాక ఒత్తిడికి మిగిలిన గుణకం 0.20. దీన్ని c′ అని రాస్తారు.

ఇప్పుడు నిద్ర గుండా వెళ్లే భాగం ఎంత? ఒత్తిడి 10 పెరిగితే నిద్ర సూచిక 2 పెరిగింది, ఆ రెండింటిలో ఒక్కోదానికి కుంగుబాటు 0.50 చొప్పున పెరిగింది. అంటే 1 పాయింటు. మొత్తం 3 పాయింట్లలో 1 నిద్ర దారిన, మిగతా 2 ఇతర దారుల్లో వచ్చాయి. గుణకాలతో చెప్పాలంటే పరోక్ష ప్రభావం a × b = 0.20 × 0.50 = 0.10. ప్రత్యక్ష ప్రభావం 0.20. రెండూ కలిపితే మొత్తం 0.30.

ఈ కూడిక సరిపోవడం మంచి తనిఖీ కూడా. మామూలు రిగ్రెషన్‌లో c = c′ + ab కచ్చితంగా సరిపోవాలి. మీకు సరిపోలేదంటే ఎక్కువసార్లు కారణం ఒకటే: కొందరు నిద్ర ప్రశ్నలు వదిలేశారు. మొదటి సమీకరణాన్ని 300 మందితో, మిగతా రెండింటినీ 281 మందితో వేసి ఉంటారు. నమూనా మారిపోతే గుణకాల్ని పోల్చడానికి లేదు. ముందే ఖాళీల సంగతి తేల్చుకుని, మూడు సమీకరణాలనూ ఒకే మనుషులతో వేయాలి.

పరోక్ష ప్రభావం నిజంగా ఉందా?

0.10 అనేది ఈ 300 మందిలో వచ్చిన అంకె. ఇంకో 300 మందిని అడిగితే ఎంత వచ్చేది? బారన్, కెన్నీ చెప్పిన పాత పద్ధతిలో దీన్ని నేరుగా పరీక్షించే అడుగు లేదు. మొత్తం ప్రభావం గణనీయంగా ఉందా, a ఉందా, b ఉందా, నిద్రను చేర్చాక ఒత్తిడి గుణకం తగ్గిందా అని ఒక్కో మెట్టూ చూసేవారు. చివరి మెట్టులో ఒత్తిడి గుణకపు పి-విలువ 0.05 దాటితే "ఫుల్ మీడియేషన్", దాటకపోతే "పార్షియల్ మీడియేషన్" అని రాసేవారు. ఇందులో ఒక వింత ఉంది. నమూనా చిన్నదయ్యేకొద్దీ పి-విలువ 0.05 దాటడం తేలిక. అంటే తక్కువమందిని సర్వే చేసినవాళ్లకే "ఫుల్ మీడియేషన్" సులువుగా దొరుకుతుంది! అందుకే ఈ రెండు బిరుదులనూ పక్కనపెట్టి, పరోక్ష ప్రభావం పరిమాణాన్ని చెప్పడం మంచిది.

ఆ పరిమాణం చుట్టూ అనిశ్చితి ఎంతో చెప్పడానికి ఇప్పుడు ఎక్కువమంది బూట్‌స్ట్రాప్ వాడుతున్నారు. రెండు అంచనాల గుణకారం గంట ఆకారపు వక్రంలో సమంగా పరుచుకోదు, ఒక పక్కకు సాగుతుంది. పాత సోబెల్ పరీక్ష అది సమంగా ఉంటుందనే ఊహ మీద నడుస్తుంది. బూట్‌స్ట్రాప్‌కు ఆ ఊహ అక్కర్లేదు.

పని ఇలా జరుగుతుంది. 300 ప్రశ్నపత్రాల కట్టలోంచి చూడకుండా ఒకటి తీసి, నమోదు చేసుకుని, తిరిగి కట్టలో పెట్టేయాలి. అలా 300 సార్లు తీయాలి. కొన్ని పత్రాలు రెండు మూడుసార్లు వస్తాయి, కొన్ని అసలు రావు. ఆ కొత్త 300తో a, b లెక్కించి గుణించాలి. ఇదంతా కంప్యూటర్ 5000 సార్లు చేస్తుంది:

```
set.seed(7)
ab <- replicate(5000, {
  s <- d[sample(nrow(d), replace = TRUE), ]
  coef(lm(sleep ~ stress, data = s))["stress"] *
    coef(lm(dep ~ stress + sleep, data = s))["sleep"]
})
quantile(ab, c(.025, .975))
```

వచ్చిన 5000 అంకెల్ని చిన్న నుంచి పెద్దకు పేర్చి, రెండు కొసల్లోనూ 125 చొప్పున వదిలేస్తే మధ్యలో మిగిలేది 95 శాతం విశ్వాస అంతరం. మన ఉదాహరణలో అది 0.06 నుంచి 0.15 వరకు వచ్చిందనుకుందాం. సున్నా ఆ మధ్యలో లేదు కాబట్టి పరోక్ష సంబంధం కేవలం నమూనా చలవ అనడానికి ఆస్కారం తక్కువ. ఎస్‌పీఎస్ఎస్ వాడేవాళ్లు ఆండ్రూ హేస్ తయారుచేసిన ప్రాసెస్ మాక్రోలో 4వ మోడల్ ఎంచుకుంటే ఇదే పని జరుగుతుంది.

బాణం ఎవరు గీశారు?

ఇక్కడ చాలా డిసర్టేషన్లు ఆగిపోయి, "ఒత్తిడి నిద్రను చెడగొట్టి కుంగుబాటుకు దారితీస్తుందని రుజువైంది" అని రాసేస్తాయి. ఒక చిన్న ప్రయోగం చేసి చూడమనండి. అదే డేటాలో నిద్రనూ కుంగుబాటునూ తారుమారు చేసి, కుంగుబాటును మీడియేటర్‌గా, నిద్రను ఫలితంగా పెట్టి మళ్లీ నడపాలి. మూడు కొలతలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నప్పుడు, ఈసారి కూడా విశ్వాస అంతరం సున్నాకు దూరంగానే వచ్చే అవకాశం ఎక్కువ. కుంగిపోయిన మనిషికి నిద్ర పట్టదన్నది కూడా నిజమే కదా. రెండు కథలనూ ఒకే డేటా సమర్థిస్తోందంటే, ఏది నిజమో ఆ డేటా తేల్చలేదని అర్థం. బాణం దిక్కును గీసింది పరిశోధకురాలు, సాఫ్ట్‌వేర్ కాదు.

మీడియేషన్ అనేది కాలక్రమంలో జరిగే కథ. ముందు ఒత్తిడి, తర్వాత నిద్ర, ఆ తర్వాత కుంగుబాటు. మన సర్వేలో అన్నీ ఒకే మధ్యాహ్నం అడిగారు. పైగా ఒత్తిడి, నిద్ర ప్రశ్నలు గత నెల రోజుల గురించి, పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు గత రెండు వారాల గురించి అడుగుతాయి. మూడు కాలాలూ ఒకదానిపై ఒకటి పడుతున్నాయి. ఇలా ఒకేసారి తీసిన కొలతలతో వేసే మీడియేషన్ అంచనా, కాలక్రమంలో జరిగే అసలు ప్రభావానికి చాలా దూరంగా పోవచ్చని స్కాట్ మాక్స్‌వెల్, డేవిడ్ కోల్ 2007లో చూపించారు.

రెండో చిక్కు కొలమానంలోనే దాగి ఉంది. పీహెచ్‌క్యూ-9లో మూడో ప్రశ్న నిద్ర గురించే: నిద్ర పట్టకపోవడం, మధ్యలో మెలకువ రావడం, లేదా అతిగా నిద్రపోవడం. అంటే మీడియేటర్‌లో కొంత ముక్క ఫలితంలో కూడా ఉంది. అప్పుడు b గుణకం ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. ఎంత పెద్దగా కనిపిస్తోందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఆ మూడో ప్రశ్నను తీసేసి, మిగిలిన ఎనిమిదింటి మొత్తంతో లెక్క మళ్లీ వేయాలి. ప్రశ్న తగ్గితే స్కేలు కూడా 0–24కు తగ్గుతుంది కాబట్టి b కొంత తగ్గడం సహజమే. కానీ 0.50 కాస్తా 0.25కు పడిపోతే, దొరికిన "మార్గం"లో పెద్ద వాటా ఒకే ప్రశ్నను రెండుసార్లు అడగడం వల్ల వచ్చిందన్నమాట.

మూడోది, లెక్కలో లేని ఉమ్మడి కారణం. దీర్ఘకాలిక నొప్పి ఉన్న విద్యార్థికి నిద్రా ఉండదు, మనసూ బాగుండదు. అది కొలవకపోతే దాని పనంతా b ఖాతాలో పడుతుంది.

మరి నిద్ర నిజంగా మార్గమేనని చూపించాలంటే? నిద్రను మార్చి చూడాలి. డేనియల్ ఫ్రీమన్ బృందం 2017లో ప్రచురించిన ఓయాసిస్ అధ్యయనం ఆ పనే చేసింది. బ్రిటన్‌లోని 26 విశ్వవిద్యాలయాల నుంచి 3,755 మంది విద్యార్థుల్ని తీసుకుని, లాటరీ పద్ధతిలో విడదీసి, ఒక జట్టుకు నిద్రలేమికి ఆన్‌లైన్ చికిత్స ఇచ్చారు, రెండో జట్టుకు మామూలుగా అందే సేవలే ఉంచారు. చికిత్స అందినవాళ్లలో నిద్రలేమితోపాటు అనుమాన భావాలు, భ్రాంతులు కూడా కొంత తగ్గాయి. చికిత్స నడుస్తుండగానే నిద్రను మధ్యలో ఒకసారి కొలిచారు కనుక, ముందు నిద్ర మెరుగుపడి ఆ తర్వాత మిగతావి మారాయా అని అడగడానికి వీలైంది. పీజీ విద్యార్థికి ఇంత పని సాధ్యం కాదు. కానీ సెమిస్టర్ మొదట్లో ఒత్తిడి, మధ్యలో నిద్ర, చివర్లో కుంగుబాటు కొలవడం, కుంగుబాటును మొదట్లో కూడా ఒకసారి కొలిచి దాన్ని లెక్కలో ఉంచడం సాధ్యమే.

మోడరేషన్ లెక్క

రెండో పరికల్పనకు వద్దాం. ఇక్కడ ఆసరా మధ్యలో నిలబడదు. ఒత్తిడి–కుంగుబాటు గీత వాలును అది మారుస్తుందా అన్నదే ప్రశ్న. అందుకు రిగ్రెషన్‌లో ఒత్తిడి, ఆసరాలతో పాటు ఆ రెండింటి లబ్ధాన్ని కూడా చేర్చాలి. R సమీకరణంలో నక్షత్రం గుర్తు ఈ మూడింటినీ చేరుస్తుంది.

```
m3 <- lm(dep ~ stress * support, data = d)
summary(m3)
```

ఒత్తిడి గుణకం 0.80, లబ్ధం గుణకం −0.10 వచ్చాయనుకుందాం. చాలామంది ఇక్కడ ఉలిక్కిపడతారు. ఇందాక 0.30 ఉన్న ఒత్తిడి ప్రభావం 0.80 ఎలా అయింది? లెక్క తప్పలేదు. లబ్ధం సమీకరణంలో ఉన్నప్పుడు ఒత్తిడి పక్కన కనిపించే గుణకం అందరికీ వర్తించే ప్రభావం కాదు, ఆసరా సున్నాగా ఉన్నవాళ్లకు వర్తించే వాలు. మన ఆసరా కొలమానం 1 దగ్గర మొదలవుతుంది, సున్నా ఉన్న మనిషే లేడు. అలాంటి లేని మనిషి గురించి వచ్చిన అంకెను "ప్రధాన ప్రభావం" అని పట్టికలో వేయడం తరచూ కనిపించే పొరపాటు.

ఎవరికి ఎంత వాలో నేరుగా లెక్కగట్టవచ్చు: 0.80 లోంచి, ఆసరా స్కోరుకు 0.10 చొప్పున తీసేయాలి. ఆసరా సగటు 5, ప్రామాణిక విచలనం 1 అనుకుంటే, ఆసరా 4 ఉన్నవాళ్లకు వాలు 0.40. సగటున 5 ఉన్నవాళ్లకు 0.30. ఆసరా 6 ఉన్నవాళ్లకు 0.20. ఒత్తిడి 10 పెరిగితే మొదటివాళ్లలో కుంగుబాటు 4 పాయింట్లు, చివరివాళ్లలో 2 పాయింట్లు పెరుగుతుంది. ఇదే మొత్తం కథ. దీన్ని మూడు గీతలుగా గీసి చూపిస్తే పట్టిక కన్నా తొందరగా అర్థమవుతుంది.

ఆసరా స్కోర్లన్నింటి లోంచి సగటు 5ను ముందే తీసేసి లెక్క వేస్తే, ఇప్పుడు "సున్నా" అంటే సగటు ఆసరా. ఒత్తిడి గుణకం 0.30గా కనిపిస్తుంది, లబ్ధం గుణకం మాత్రం −0.10 దగ్గరే కదలకుండా ఉంటుంది. దీన్నే సెంటరింగ్ అంటారు. మోడరేషన్ ఉందా లేదా అన్నది దీనివల్ల మారదు, అంకెలు చదవడం తేలికవుతుంది, అంతే. ప్రాసెస్‌లో దీనికి 1వ మోడల్.

మోడరేషన్‌లో అందరూ పడే గొయ్యి వేరు. ఆసరా ఎక్కువ, తక్కువ అని విద్యార్థుల్ని మధ్యకు రెండు ముక్కలు చేసి, ఒక్కో గుంపులో విడిగా రిగ్రెషన్ వేస్తారు. తక్కువ ఆసరా గుంపులో పి-విలువ 0.05 లోపు వచ్చింది, ఎక్కువ ఆసరా గుంపులో రాలేదు, కాబట్టి ఆసరా మోడరేటర్ అని తేల్చేస్తారు. ఆ తీర్పు చెల్లదు. ఒక గుంపులో వాలు 0.32 వచ్చి గణనీయం అనిపించుకోవచ్చు, ఇంకో గుంపులో 0.26 వచ్చి కాస్తలో తప్పిపోవచ్చు. రెండు వాలుల మధ్య తేడా 0.06 మాత్రమే. ప్రశ్న ఆ తేడా గురించి, దానికి జవాబు చెప్పేది లబ్ధం గుణకం ఒక్కటే. పైగా 4.9 స్కోరు వచ్చిన విద్యార్థినీ 1.5 వచ్చిన విద్యార్థినీ ఒకే గాటన కట్టడం వల్ల చేతిలో ఉన్న సమాచారం వృథా అవుతుంది.

ఇంకొక జాగ్రత్త. కాలేజీ సర్వేల్లో పీహెచ్‌క్యూ-9 స్కోర్లు కింది కొస దగ్గర గుంపుగా చేరతాయి. ఆసరా బాగా ఉన్నవాళ్లలో సగం మంది 0, 1 దగ్గరే ఉంటే, వాళ్ల గీత అంతకన్నా కిందికి దిగడానికి చోటు లేదు. అప్పుడు గీత చదునుగా కనిపించడానికి ఆసరా కాపాడటం కాక, కొలమానం అడుగు తగలడం కారణం కావచ్చు. అసలు చుక్కల్ని గీతల మీద వేసి చూస్తే ఇది కంటికి తెలిసిపోతుంది. ఇక లబ్ధాన్ని పట్టుకోవడానికి మామూలు ప్రభావాలకన్నా చాలా పెద్ద నమూనా కావాలి. 300 మందిలో అది గణనీయంగా రాకపోతే "ఆసరాకు పాత్ర లేదు" అని కాక, విశ్వాస అంతరం ఎంత వెడల్పుగా ఉందో చెప్పాలి.

ఫలితాలు రాసేటప్పుడు

మన విద్యార్థిని తన రెండు ఫలితాలనూ ఇలా రాయవచ్చు. "ఒత్తిడికీ కుంగుబాటుకూ ఉన్న సంబంధంలో కొంత భాగం నిద్ర గుండా పోతోందన్న మోడల్‌కు డేటా సరిపోతోంది, పరోక్ష సంబంధం 0.10, 95 శాతం అంతరం 0.06 నుంచి 0.15. కొలతలన్నీ ఒకే సమయంలో తీసినవి కాబట్టి కుంగుబాటే నిద్రను చెడగొట్టే అవకాశాన్ని ఈ అధ్యయనం కొట్టివేయలేదు. పీహెచ్‌క్యూ-9లోని నిద్ర ప్రశ్నను తొలగించి వేసిన లెక్కను కూడా ఇస్తున్నాం." రెండోది: "ఆసరా ఒక పాయింటు పెరిగినకొద్దీ ఒత్తిడి–కుంగుబాటు వాలు 0.10 చొప్పున తగ్గింది. ఆసరా 4 వద్ద వాలు 0.40, 6 వద్ద 0.20."

"రుజువైంది" అనే మాట ఈ రెండింటిలోనూ లేదు. వైవాలో ఎవరైనా "బాణాన్ని తిప్పి చూశారా?" అని అడిగితే, ఆమె తిప్పి వేసిన పట్టికను అనుబంధంలో చూపించగలగాలి.